పేపర్లో మీ రాశి ఏది?

1930 ఆగస్టు 21న బ్రిటిష్ రాజకుటుంబంలో మార్గరెట్ యువరాణి పుట్టింది. ఆ వచ్చిన ఆదివారమే లండన్ పత్రిక సండే ఎక్స్‌ప్రెస్ ఆ పసిబిడ్డ జాతకాన్ని అచ్చువేసింది. రాసినది ఆర్.హెచ్. నేలర్ అనే జ్యోతిష్కుడు. యువరాణి సంగతి అయ్యాక, ఆ వారంలో పుట్టినరోజు చేసుకునే మామూలు పాఠకుల కోసం కూడా ఆయన నాలుగు మాటలు చేర్చాడు. వ్యాసానికి మంచి ఆదరణ రావడంతో పత్రిక ఆయన చేత మళ్లీ రాయించింది. ఆ అక్టోబరులో బ్రిటిష్ విమానాలకు ప్రమాదం ఉందని ఆయన రాశాడు. అక్టోబరు 5న ఆర్ 101 అనే బ్రిటిష్ గాలి ఓడ ఫ్రాన్స్‌లో కూలి 48 మంది చనిపోయారు. అంతటితో నేలర్ పేరు మారుమోగింది, ఆయనకు పత్రికలో శాశ్వతంగా చోటు దొరికింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. ఆ దశాబ్దం ముగిసేలోగా పన్నెండు రాశులకు పన్నెండు పేరాల శీర్షిక స్థిరపడిపోయింది.

ఇవాళ ఇంగ్లిషు పేపర్లలో కనిపించే సూర్యరాశి ఫలాలకు మూలం ఇదే. అవి ఎవరికి చదివి వినిపించినా సరిపోయేట్టు ఎందుకుంటాయన్నది పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న. రాసేవాళ్ల బద్ధకమో, మోసమో కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అంతకన్నా ముందే, పాఠకుడి నుంచి ఆ శీర్షిక ఏ సమాచారం తీసుకుంటుందన్న చోటే ఉంది. తెలుగు పత్రికల్లో వచ్చే చంద్రరాశి ఫలాలు దీనికి ఎక్కడ భిన్నమో, ఎక్కడ భిన్నం కావో కూడా అక్కడి నుంచి చూస్తేనే తేలుతుంది.

పుట్టినరోజు ఒక్కటే తెలిస్తే

జాతకం వేయాలంటే పుట్టిన తేదీ, సంవత్సరం, సమయం, ఊరు కావాలి. పేపరుకు ఇవేవీ అందవు. లండన్‌లో పేపరు కొన్న ప్రతివాడికీ కచ్చితంగా తెలిసినది తన పుట్టినరోజు ఒక్కటే. సంవత్సరం లేకుండా తేదీ మాత్రమే చెబితే, ఆ రోజున ఆకాశంలో ఎక్కడున్నాడో చెప్పగలిగే గ్రహం సూర్యుడొక్కడే. సూర్యుడు రోజుకు ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున కదులుతూ నెలకో రాశి దాటుతాడు. ఏటా అవే తేదీలకు అవే రాశుల్లో ఉంటాడు. ఫిబ్రవరి 9న పుట్టినవాళ్లు ఏ సంవత్సరంలో పుట్టినా పాశ్చాత్య లెక్కలో కుంభరాశివాళ్లే. చంద్రుడికీ గురువుకీ శనికీ ఇలా కుదరదు.

ఇక శీర్షిక రాసేవాళ్లు చేసే పని చూద్దాం. పాఠకుడి సూర్యరాశినే మొదటి ఇల్లుగా పెట్టుకుంటారు. అక్కడి నుంచి రెండో రాశి ధనం, నాలుగు ఇల్లు, ఏడు దాంపత్యం, పది ఉద్యోగం అని వరసగా ఇళ్లు పంచుతారు. ఆ వారం ఏ గ్రహం ఏ ఇంట్లో ఉందో చూసి రాస్తారు. అంటే మంచి రచయిత చేతిలో సూర్యరాశి ఫలం కూడా లెక్క లేని రాత కాదు. చిక్కంతా ఆ లెక్కలో దిగే వివరాలు చాలా కొద్దిగా ఉండడమే. మొదటి ఇల్లు నిజానికి పుట్టిన క్షణంలో తూర్పున ఉదయించే రాశి, అదే లగ్నం. అది రెండేసి గంటలకు మారుతుంది. దాని స్థానంలో నెలరోజులపాటు మారని సూర్యుణ్ణి పెట్టడంతో, ఆ నెలలో పుట్టినవాళ్లందరూ, ఏ సంవత్సరానికి చెందినవాళ్లయినా, ఒకే మనిషి కింద లెక్కకు వస్తారు.

ఆ ఒక్క పేరా చదివేవాళ్లు ఎందరో ఊహించండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. పన్నెండుతో భాగిస్తే ఒక్కో రాశికి అరవై ఏడు లక్షలకు పైనే. వాళ్లలో ఇంటర్ పరీక్ష రాసే పిల్లవాడు ఉంటాడు, రిటైరైన టీచరు ఉంటారు, నిన్ననే భర్త పోయిన ఆవిడ ఉంటుంది. శని రెండో ఇంట్లో ఉన్నాడని లెక్క చెప్పినా, 'ఈ వారం మీ జీతం ఆగుతుంది' అని రాయలేరు. జీతమే లేనివాళ్లు అందులో సగానికి సగం. అందుకే అది 'డబ్బు విషయంలో ఆచితూచి అడుగేయండి' అవుతుంది. ఏడో ఇంటి సంగతి 'దగ్గరివాళ్లతో మనసు విప్పి మాట్లాడండి' అవుతుంది. నిర్దిష్టమైన మాట ఏది రాసినా ఎక్కువమందికి తప్పవుతుంది కాబట్టి, ఎవరికీ తప్పు కానంత వరకూ ఆ మాటను అరగదీయాల్సి వస్తుంది. గ్రహాలు మెల్లగా కదిలే వారాల్లో రచయితకు కొత్తగా చెప్పడానికి ఏమీ ఉండదు, చోటు మాత్రం నింపాలి.

అరగదీసిన మాట కూడా చదివేవాళ్లకు తమ గురించే రాసినట్టు తోస్తుంది. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ వాళ్ల వ్యక్తిత్వ వివరణ అంటూ ఒక కాగితం ఇచ్చాడు. ఎంతవరకు నిజమో ఐదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులోని వాక్యాలు చాలావరకు బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవి. బయటికి ధైర్యంగా కనిపించినా లోపల దిగులు ఉంటుంది, ఇంకా వాడుకోని శక్తి ఎంతో ఉంది అనే తరహా మాటలు. అలాంటి మాట చదవగానే మనసు తన జీవితంలోంచి ఒక సంఘటన వెతికి దానికి అతికిస్తుంది. అతికించింది మనమే అయినా, చెప్పింది పేపరనే గుర్తుంటుంది.

చంద్రుడితో లెక్క మారుతుంది

మన పంచాంగ సంప్రదాయంలో 'నాది ఫలానా రాశి' అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి. సూర్యుడూ చంద్రుడూ గడియారంలోని చిన్న ముల్లు, పెద్ద ముల్లు లాంటివాళ్లు. సూర్యుడు ఒక రాశి దాటడానికి నెల పడితే, చంద్రుడు ఆ రాశిని రెండుంపావు రోజుల్లో దాటేస్తాడు. ఇరవై ఏడు రోజుల పైన కొన్ని గంటలకు చుట్టంతా తిరిగి వస్తాడు. ఒక్కో నక్షత్రంలో సుమారు ఒక రోజు, ఒక్కో పాదంలో సుమారు ఆరు గంటలు ఉంటాడు. కాబట్టి పుట్టినరోజు తెలిసినంత మాత్రాన చంద్రరాశి తెలియదు. సంవత్సరం, సమయం కూడా కావాలి, వాటిని పట్టుకుని ఆనాటి పంచాంగం చూడాలి. సూర్యరాశి ఫలానికి లేని సమాచారం ఇక్కడ పాఠకుడి వైపు నుంచే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు బాలసారె నాడు రాయించి పెట్టిన నక్షత్రం, పాదం ఆ లెక్క ఫలితమే.

ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. లగ్నం కట్టాలంటే నిమిషాలతో సహా సమయం కావాలి. 'పశువులు ఇంటికి చేరే వేళ పుట్టాడు' అని మాత్రమే గుర్తున్న నాయనమ్మ మాట లగ్నానికి చాలదు కానీ, నక్షత్రానికి చాలాసార్లు సరిపోతుంది. చంద్రుడు ఒక డిగ్రీ కదలడానికి రెండు గంటలు పడుతుంది. గంట అటూ ఇటూ అయినా, సరిగ్గా మారే వేళలో పుడితే తప్ప, రాశి మారదు. జనసామాన్యానికి చెప్పే ఫలానికి చంద్రరాశి ఆధారం కావడంలో ఈ వెసులుబాటు పాత్ర చిన్నది కాదు.

రెండో తేడా రాశిచక్రం మొదలయ్యే చోటులో ఉంది. పాశ్చాత్యులు మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడున్న బిందువునే మేషారంభం అంటారు. మనవాళ్లు నక్షత్రాలను ఆధారం చేసుకుంటారు. ఈ రెండు ఆరంభాల మధ్య దూరమే అయనాంశ. ఇప్పుడది 24 డిగ్రీలు దాటింది. వాళ్ల లెక్కలో సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీల్లోనే మకరంలోకి వెళ్లిపోతాడు. మనం జనవరి 14, 15 తేదీల్లో మకర సంక్రాంతి చేసుకుంటాం. అందువల్ల పాశ్చాత్య లెక్కలో కుంభరాశి వారిలో ఎక్కువమందికి, మన లెక్కలో చూస్తే సూర్యుడు కూడా మకరంలోనే ఉంటాడు.

ఇక దినఫలం ఎలా తయారవుతుందో చూద్దాం. ఆ రోజు చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో పంచాంగకర్త చూస్తారు. మీ జన్మరాశి నుంచి అది ఎన్నోదో లెక్కపెడతారు. ఇదే గోచారం. వరాహమిహిరుడి బృహత్సంహితలోనూ మంత్రేశ్వరుడి ఫలదీపికలోనూ గోచారానికి ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. చంద్రుడు జన్మరాశిలో, అక్కడి నుంచి మూడు, ఆరు, ఏడు, పది, పదకొండు స్థానాల్లో ఉంటే మంచిదని నియమం. ఎనిమిదో స్థానం మంచిది కాదు, దాన్నే చంద్రాష్టమం అంటారు. ప్రయాణాలు, కొత్త పనులు ఆ రోజు వద్దనే పట్టింపు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. చంద్రుడి తర్వాత గురువు, శని, సూర్యుడు, కుజుడు ఎన్నో స్థానాల్లో ఉన్నారో చూసి కలుపుతారు. నియమాలు ముందే రాసి ఉన్నాయి కాబట్టి, ఫలం చెప్పినవాళ్లను 'ఎందుకలా అన్నారు?' అని అడిగితే సమాధానం ఉండాలి. పంచాంగం చేతిలో ఉన్న ఎవరైనా ఆ సమాధానాన్ని సరిచూసుకోవచ్చు.

ఇద్దరు స్నేహితురాళ్లు, ఒక ఆదివారం

ఇదంతా ఒక ఉదాహరణ వేసి చూస్తే బాగా తెలుస్తుంది. 1990 ఫిబ్రవరి 9 మాఘ పౌర్ణమి. ఆ రాత్రి చంద్రగ్రహణం. ఆ సాయంత్రం ఎనిమిది గంటలకు లావణ్య, మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు మాధవి పుట్టారనుకుందాం. ఇద్దరి మధ్యా పదహారు గంటలే తేడా.

పాశ్చాత్య లెక్కలో ఇద్దరిదీ కుంభరాశి. జీవితమంతా ఇద్దరూ ఒకే పేరా చదవాలి. మన లెక్కలో అలా కాదు. లావణ్య పుట్టే వేళకు చంద్రుడు కర్కాటకం చివర ఆశ్లేషా నక్షత్రంలో ఉన్నాడు. మర్నాడు తెల్లవారే వేళ ఆశ్లేష ముగిసి, రాశీ మారింది. మాధవి పుట్టేసరికి చంద్రుడు సింహంలో, మఖా నక్షత్రంలో ఉన్నాడు. కాబట్టి లావణ్యది కర్కాటక రాశి, మాధవిది సింహరాశి.

ఇప్పుడు 2025 అక్టోబరు 5, ఆదివారం తీసుకుందాం. పాశ్చాత్య శీర్షిక రాసేవాళ్లకు ఆ రోజు కుంభరాశి నుంచి శని రెండో ఇంట్లో, సూర్యుడు తొమ్మిదో ఇంట్లో కనిపిస్తారు. డబ్బు జాగ్రత్త, చదువులకూ దూరప్రయాణాలకూ అనుకూలం అనే అర్థం వచ్చేలా రాస్తారు. అది ఇద్దరికీ ఒకటే. అంతే కాదు, సూర్యుడూ శనీ నెమ్మదిగా కదిలేవాళ్లు కాబట్టి ముందు వారానికీ తర్వాతి వారానికీ కూడా దాదాపు అదే వర్తిస్తుంది.

మన పంచాంగం ప్రకారం ఆ ఆదివారం పగలంతా చంద్రుడు కుంభంలో ఉన్నాడు. కర్కాటకం నుంచి వేళ్ల మీద లెక్కపెట్టండి: కర్కాటకం, సింహం, కన్య, తుల, వృశ్చికం, ధనుస్సు, మకరం, కుంభం. ఎనిమిది. లావణ్యకు చంద్రాష్టమం. సింహం నుంచి లెక్కపెడితే కుంభం ఏడు, కాబట్టి మాధవికి అనుకూలం. పదహారు గంటల తేడాతో పుట్టిన ఇద్దరికి, ఒకే రోజున, నియమం ప్రకారమే ఎదురెదురు ఫలాలు. సూర్యరాశి శీర్షికకు ఇలాంటి తేడా కనిపెట్టే మార్గమే లేదు.

ఇక్కడితో ఆగితే చంద్రరాశి ఫలం చాలా సూటిగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంకో అడుగు వేస్తే దాని పరిమితి కూడా తెలుస్తుంది. చంద్రబలంతోపాటు తారాబలం చూడాలని సంప్రదాయం చెబుతుంది. జన్మనక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం వరకు లెక్కపెట్టి, తొమ్మిది దాటితే తొమ్మిదేసి తీసేయాలి. మూడు, ఐదు, ఏడు మిగిలితే విపత్, ప్రత్యక్, నైధన తారలు, మంచివి కావు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది మంచివి. ఆ ఆదివారం మధ్యాహ్నానికి పూర్వాభాద్ర నక్షత్రం నడుస్తోంది. ఆశ్లేష నుంచి అది పదిహేడోది. తొమ్మిది తీసేస్తే ఎనిమిది, అంటే మిత్రతార. చంద్రాష్టమం నడుస్తున్న లావణ్యకు తారాబలం బాగుంది. మఖ నుంచి పూర్వాభాద్ర పదహారోది. మిగిలేది ఏడు, అది నైధన తార. చంద్రబలం ఉన్న మాధవికి తారాబలం లేదు.

సింహరాశిలోనే మఖ, పుబ్బ, ఉత్తర మొదటి పాదం ఉంటాయి. పుబ్బవాళ్లకు ఆ రోజు మిగిలేది ఆరు, సాధన తార, చక్కగా ఉంది. ఒకే రాశిలో పక్కపక్క నక్షత్రాలవాళ్లకు ఒకరికి మంచి తార, ఒకరికి చెడ్డ తార. పేపర్లో సింహరాశి కింద అచ్చయ్యే రెండు వాక్యాలు ఎవరి గురించి రాయాలి? గురువు ఆ రోజుకి సింహం నుంచి పదకొండులో ఉన్నాడు, చాలా మంచి స్థానం. శని ఎనిమిదిలో ఉన్నాడు, అష్టమ శని. ఒకటి లాభం అంటుంది, ఒకటి ఆటంకం అంటుంది. వీటన్నిటినీ రెండు వాక్యాల్లో కుదించే సిద్ధాంతి చివరికి 'ఆటంకాలు ఎదురైనా పనులు పూర్తవుతాయి' అని రాస్తారు. నియమాల దారిలో ఎంతో దూరం నడిచి వచ్చినా, పన్నెండు పేరాల పేజీకి చేరేసరికి మళ్లీ అరగదీసిన మాటే మిగులుతుంది.

ఇది రాసేవాళ్ల లోపం కాదని నా నమ్మకం. గోచారం ఒక్కటే చూసి ఫలం చెప్పకూడదని ఆ శాస్త్రం చదివినవాళ్లే అంటారు. జన్మలగ్నం, నడుస్తున్న దశ ముందు చూడాలి, గోచారం వాటికి తోడు మాత్రమే. పేపర్లో వచ్చేది ఆ మొత్తంలో ఒక చిన్న ముక్క. ఉగాదినాటి పంచాంగ శ్రవణం కూడా రాశికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చెప్పి ఊరుకోదు. నక్షత్రానికి వేరుగా కందాయ ఫలాలు చదువుతారు. రాశి ఒక్కటే చాలదని ఆ ఏర్పాటే చెబుతోంది.

పేరు మొదటి అక్షరంతో వచ్చే చిక్కు

తెలుగు పాఠకులు ఎక్కువగా పొరబడేది ఫలం దగ్గర కాదు, రాశిని ఎంచుకునే దగ్గరే. మేషం అన్న శీర్షిక కింద కొన్ని పత్రికలు 'అశ్విని, భరణి, కృత్తిక 1వ పాదం' అని వేస్తాయి. అది చంద్రరాశి. కొన్ని 'మార్చి 21 నుంచి ఏప్రిల్ 20' అని తేదీలు వేస్తాయి. అది పాశ్చాత్య సూర్యరాశి. ఇంకొన్ని 'చూ, చే, చో, లా, లీ, లూ, లే, లో, ఆ' అని అక్షరాలు వేస్తాయి. అది నామరాశి. ఈ మూడింట్లో రెండు ఒకే చోట కలిపి వేసినా చదివేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. అవి వేరువేరు లెక్కలు. ఒక పేరా మూడింటికీ ఆధారపడి ఉండడం సాధ్యం కాదు.

నామరాశి ఉద్దేశం మంచిదే. ప్రతి నక్షత్ర పాదానికీ ఒక అక్షరం కేటాయించారు. బిడ్డ పుట్టిన పాదానికి చెందిన అక్షరంతో పేరు పెడితే, పేరును బట్టి రాశి తెలుసుకోవచ్చు. అలా పేరు పెట్టిన ఇంట్లో ఇది పనిచేస్తుంది. మన మాధవి పేరులోని మొదటి అక్షరం 'మా' మఖా నక్షత్రానిదే, కాబట్టి పేరును బట్టి చూసినా ఆమె సింహరాశే చదువుతుంది. లావణ్య సంగతి వేరు. ఆశ్లేషకు వచ్చిన అక్షరాలు డీ, డూ, డే, డో. ఆ అక్షరాలతో ఆడపిల్లకు పేరు దొరకడం కష్టం, అమ్మానాన్నలు నచ్చిన పేరు పెట్టుకున్నారు. 'లా' అశ్విని నాలుగో పాదం అక్షరం. పేరును బట్టి చూసుకుంటే ఆమె మేషరాశి చదువుతుంది.

దీనివల్ల ఆ ఆదివారం ఏమవుతుందో చూడండి. మేషం నుంచి కుంభం పదకొండో రాశి, లాభస్థానం. జన్మరాశి ప్రకారం చంద్రాష్టమం ఉన్న రోజున ఆమె పేపర్లో అంతా లాభమేనని చదువుతుంది. దీనికంటే పెద్ద చిక్కు శనితో వస్తుంది. జన్మరాశికి పన్నెండు, ఒకటి, రెండు స్థానాల్లో శని తిరిగే ఏడున్నరేళ్లూ ఏలినాటి శని. దృక్ పంచాంగాల ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు. మేషరాశివాళ్లకు ఏలినాటి శని మొదలైంది. కర్కాటకం వాళ్లకు అప్పటిదాకా ఉన్న అష్టమ శని అదే రోజున తొలగింది. ఇంట్లో రాసిపెట్టిన నక్షత్రం చూసుకుంటే లావణ్యకు ఊరట, పేరులోని 'లా' చూసుకుంటే ఏడున్నరేళ్ల దిగులు. శాంతులకూ పూజలకూ డబ్బు పోసేవాళ్లలో తమది కాని రాశి చదివి భయపడేవాళ్లు ఉండడం నాకు చాలా బాధ కలిగించే విషయం. జ్యోతిషాన్ని నమ్మేవాళ్లకైనా ఆ ఖర్చు ఆ శాస్త్రం చెప్పినది కాదు.

లెక్క ఉందో లేదో తెలుసుకోవడం

మీరు చదివే దినఫలం నిజంగా పంచాంగం చూసి రాసినదేనా? దీన్ని ఎవరి సాయమూ లేకుండా చూసుకోవచ్చు. క్యాలెండరు వెనకో, పేపర్లో పంచాంగం పెట్టెలోనో ఆనాటి నక్షత్రం ఉంటుంది. దాన్ని బట్టి చంద్రరాశి తెలుస్తుంది. మీ రాశి నుంచి ఎనిమిదోది ఎప్పుడు వస్తుందో గుర్తుపెట్టుకోండి. నెలకోసారి, రెండుంపావు రోజులపాటు వస్తుంది. ఆ రోజుల్లో మీ రాశికి జాగ్రత్త అన్న అర్థం ఏ రూపంలోనూ రాకుండా, 'అన్నింటా విజయం' అని నెల తర్వాత నెల వస్తుంటే, ఆ శీర్షికకూ చంద్రుడికీ సంబంధం లేదు.

ఇంకో గుర్తు వరుస రోజుల్లో కనిపిస్తుంది. చంద్రుడు ఒక రాశిలో రెండు రోజులకు పైగా ఉంటాడు కాబట్టి, రాశిని బట్టి రాసిన ఫలం వరుసగా రెండు రోజులు ఒకే ధోరణిలో ఉండాలి. సోమవారం ధనలాభం, మంగళవారం ధననష్టం, బుధవారం మళ్లీ ధనలాభం అని వస్తే అది గోచారంలో కుదరదు. రోజూ కొత్తగా కనిపించాలనే పేపరు అవసరం ఆ మార్పులు తెచ్చి ఉంటుంది. వారఫలాల్లో అయితే రోజుల పేర్లు చూడండి. వారంలో చంద్రుడు మూడు నాలుగు రాశుల్లో తిరుగుతాడు. 'బుధ, గురువారాల్లో ముఖ్యమైన పనులు వద్దు' అన్న మాట ఉంటే, అది చంద్రుణ్ణి చూసి రాసినదయ్యే అవకాశం ఉంది. ఏ రోజూ పేర్కొనని వారఫలం గురువునూ శనినీ మాత్రమే పట్టుకుని రాసింది. ఆ గ్రహాలు నెలల తరబడి అదే రాశిలో ఉంటాయి కాబట్టి సూర్యరాశి ఫలంలో చూసిన మెత్తని మాటలే అక్కడా కనిపిస్తాయి.

అయితే లెక్క సరిగా ఉండడం వేరు, ఫలం నిజం కావడం వేరు. మన పద్ధతి జాతకాలకే మహారాష్ట్రలో ఒక పరీక్ష జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు చదువులో రాణించే వందమంది పిల్లల జాతకాలూ, బుద్ధిమాంద్యం ఉన్న వందమంది పిల్లల జాతకాలూ సేకరించారు. ముందుకొచ్చిన జ్యోతిష్కులకు తలా నలభై జాతకాలు పంపి, ఏది ఏ రకమో చెప్పమన్నారు. 27 మంది సమాధానాలు పంపారు. సరైనవి 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా సగం కలుస్తాయి. ఆ పరీక్షలో ఇచ్చినవి పూర్తి జాతకాలు, పేపర్లోని రెండు వాక్యాలు కావు. చంద్రరాశి ఫలం సూర్యరాశి ఫలంకన్నా పద్ధతిగా తయారవుతుందని నేను చెప్పగలను. అందువల్ల అది జరిగి తీరుతుందని చెప్పలేను. అలా చెప్పేవాళ్ల మాట నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దనే చెబుతాను.

కాబట్టి దినఫలం చదవడం మీకు అలవాటైతే, ముందు మీ జన్మనక్షత్రం, పాదం కనుక్కుని సరైన రాశే చదవండి. తేదీలతో వచ్చే రాశినీ పేరుతో వచ్చే రాశినీ దాంతో కలపకండి. ఆ రెండు వాక్యాలు మీ రాశిలోని లక్షల మందికి కలిపి రాసినవని, మీ నక్షత్రాన్నీ లగ్నాన్నీ దశనూ రాసినవాళ్లు చూడలేదని గుర్తుంచుకోండి. చంద్రాష్టమం అని కొత్త చీర కొనడం రెండు రోజులు వాయిదా వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. డాక్టరు చెప్పిన ఆపరేషన్, కాలేజీలో సీటు చేరడానికి ఆఖరి తేదీ, ఉద్యోగానికి ఇంటర్వ్యూ లాంటివి మాత్రం పేపర్లోని ఆ పేరాను బట్టి ఒక్క పూట కూడా వాయిదా వేయకండి.